పలువురు వ్రాసినా పలుకు ఒకటే

ఒక సంస్థ పక్షాన ఒక్కరే వ్రాసినంత కాలం ఆ సంస్థ మాట తీరును గూర్చి ఎవరికీ చింత ఉండదు. ఆ ఒక్కరి అలవాటే సంస్థ అలవాటు. ఇద్దరు వ్రాయడం మొదలుపెట్టిన నాటి నుండి సమస్య పుడుతుంది. ముగ్గురు వ్రాస్తే చదివేవాడికి మూడు సంస్థలు కనిపిస్తాయి.

వార్తాపత్రికలు ఈ సంగతిని చాలాకాలం క్రిందటే గుర్తించినవి. ఒక దినపత్రికలో అనేకమంది ఉపసంపాదకులు వివిధ ప్రాంతాల నుండి వచ్చి పనిచేస్తారు. ఒకరి ఊరిలో 'చేమంతి' అంటారు, ఇంకొకరి ఊరిలో 'చామంతి' అంటారు. అయినా పాఠకుడు ఉదయం చదివే పత్రిక ఒకటే గనుక భాష కూడ ఒకటిగా ఉండాలి. 1974లో విశాఖపట్నంలో ప్రారంభమైన 'ఈనాడు' వంటి పత్రికలు తమ భాషను గూర్చి ప్రత్యేకంగా శ్రద్ధ వహించడానికి కారణం ఇదే. భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ గారు ఆ సంస్థ పాత్రికేయ పాఠశాలకు ప్రధానాచార్యులుగా ఉండి ఎందరో యువకులకు పత్రికా రచనలో శిక్షణ ఇచ్చినారు.

నాడు పత్రికలకు మాత్రమే ఉన్న ఈ అవసరం నేడు చిన్న దుకాణానికి కూడ వచ్చింది. దుకాణదారు వాట్సాప్‌లో ధర పంపుతాడు. అతని కుమార్తె ఇన్‌స్టాగ్రామ్‌లో దండల చిత్రాలు పెడుతుంది. గుమాస్తా ఫేస్‌బుక్‌లో అడిగినవారికి జవాబు వ్రాస్తాడు. ఈ ముగ్గురి మాట ఒక్కచోటి మాటగా వినిపించడానికి వ్రాసుకొనే నియమాల పత్రాన్ని వ్యాపార వర్గాలలో 'బ్రాండ్ వాయిస్ గైడ్' అంటారు. ఈ వ్యాసంలో దానిని 'పలుకుతీరు పత్రం' అందాము. దానిని ఎట్లా తయారు చేయాలో మన గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పూల దుకాణం

గుడిమల్కాపూర్ పూల మార్కెట్ హైదరాబాదు నగరానికి టోకు మార్కెట్. నగరమంతా నిద్రలో ఉండగానే ఇక్కడ బేరం మొదలవుతుంది. శ్రావణ శుక్రవారాలకు చామంతి, బతుకమ్మకు బంతి, తంగేడు, గునుగు, పెండ్లిండ్లకు గులాబీ, లిల్లీ, నికాహ్‌కు సెహ్రా, దర్గాకు పూల చాదర్, చావు ఇంటికి దండ - అన్నీ ఈ వీధి నుండే వెళ్ళాలి. ఒకే దుకాణానికి వచ్చే వారిలో ఒకరు ఝాంసింగ్ బాలాజీ గుడికి పూలు కొనేవారు, ఇంకొకరు దర్గాకు చాదర్ చేయించేవారు, మరొకరు అదే రోజున తండ్రిని పోగొట్టుకొన్నవారు. మాట తీరును గూర్చి ఇంతగా ఆలోచించవలసిన వ్యాపారాలు చాలా లేవు.

ఇటువంటి మార్కెట్‌లో ఒక దుకాణాన్ని ఊహించుకొందాము. వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజున దాని పక్షాన మూడు ప్రకటనలు వెలువడినవని అనుకొందాము. యజమాని వాట్సాప్‌లో, "రేపు ధర పెరుగును. చేమంతి మూర 40. కావలసినవారు ముందుగా తెలుపగలరు" అని వ్రాసినాడు. కుమార్తె ఇన్‌స్టాగ్రామ్‌లో, "హాయ్ గర్ల్స్! మన షాప్‌లో ఫ్రెష్ చామంతి రెడీ, త్వరగా వచ్చెయ్!" అని వ్రాసింది. ఫేస్‌బుక్‌లో ఒక గృహిణి ధర అడుగగా గుమాస్తా, "కిలో 200 మేడమ్, తగ్గిస్తాము రండి" అన్నాడు.

మూడింటిలోనూ దురుద్దేశం లేదు. కాని మూడూ చూసిన గృహిణికి ఏమి తెలిసింది? ధర మూరకా, కిలోకా తెలియలేదు. తగ్గుతుందా, పెరుగుతుందా తెలియలేదు. ఒకరు తనను 'మీరు' అన్నారు, ఒకరు 'వచ్చెయ్' అన్నారు. రేపు పూలు చేరకపోతే ఎవరిని అడగాలో కూడ ఆమెకు తెలియదు. ఆమె ప్రక్క దుకాణానికి పోతుంది. పోయిన సంగతి ఈ ముగ్గురికీ తెలియనే తెలియదు. పలుకుతీరులోని లోపం వలన కలిగే నష్టం ఈ విధంగా చప్పుడు లేకుండా జరుగుతుంది.

విశేషణాలతో మొదలుపెట్టరాదు

పత్రం వ్రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా, "మా మాట స్నేహపూర్వకంగా, నమ్మకంగా, నవ్యంగా ఉండాలి" అని మొదలుపెడతారు. అది వ్రాసి గోడకు అతికిస్తారు. మరునాడు ముగ్గురూ మునుపటివలెనే వ్రాస్తారు. ఎందుకనగా యజమానికి స్నేహం అంటే "తెలుపగలరు" అనడం, కుమార్తెకు స్నేహం అంటే "హాయ్ గర్ల్స్" అనడం. ఒకే విశేషణాన్ని ఇద్దరూ నిజాయితీగానే పాటిస్తున్నారు గాని ఫలితం వేరుగా ఉన్నది.

మొదట చేయవలసినది పాత వ్రాతలను సేకరించడం. గడచిన రెండు మూడు నెలలలో ముగ్గురూ పెట్టిన ప్రకటనలు, ఇచ్చిన జవాబులు ఒక యాభై అరవై తీసి, ఎవరు వ్రాసినదో తెలియకుండా ఒక కాగితం మీదికి ఎత్తాలి. ముగ్గురూ కూర్చొని ఒక్కొక్కటి బిగ్గరగా చదవాలి. "ఇది మన దుకాణంలో నిలబడి కొనుగోలుదారుతో అనే మాటేనా?" అన్నదే ప్రశ్న. అవునన్న వాటిని ఒక ప్రక్కన, కాదన్న వాటిని ఒక ప్రక్కన పెట్టాలి. అవునన్నవి పది పదిహేను మిగిలినా చాలును. ఆ దుకాణపు అసలు పలుకు అక్కడ ఉన్నది. దానిని కొత్తగా కల్పించనవసరం లేదు.

ఆ తరువాత ఆ పది పదిహేనింటిలో సమానంగా కనిపించే గుణాలను మూడింటికి మించకుండా వ్రాయాలి. ప్రతి గుణానికి ఒక హద్దు కూడ వ్రాయాలి. మన దుకాణానికి అవి ఈ విధంగా తేలినవి అనుకొందాము: ఆప్యాయం ఉంటుంది, చనువు ఉండదు. సూటిగా చెప్తాము, కటువుగా చెప్పము. పూలను గూర్చి తెలిసినట్లు మాట్లాడుతాము, పొగడుకోము. ఈ 'ఉండదు', 'చెప్పము' అన్న సగమే పనిచేసేది. 'ఆప్యాయం' అన్న మాట ఒక్కటే ఉంటే "వచ్చెయ్" తప్పు కాదు. 'చనువు ఉండదు' అని ప్రక్కన ఉన్నప్పుడు అది తప్పని కుమార్తెకే తెలుస్తుంది, ఒకరు చెప్పనక్కరలేదు.

మారరానివి

గుణాలు దారి చూపుతాయి. కాని దినదినమూ వచ్చే సందేహాలను తీర్చేవి చిన్న చిన్న నిర్ణయాలు. ఇంగ్లీషులో తయారైన పత్రాలను చూసి తెలుగు దుకాణం కోసం వ్రాసేవారు ఇక్కడనే పొరబడతారు. ఎందుకనగా తెలుగులో నిర్ణయించవలసిన కొన్ని సంగతులు ఇంగ్లీషులో లేనే లేవు.

మొదటిది సంబోధన. ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే. తెలుగులో 'నువ్వు', 'మీరు' ఉన్నవి. క్రియలో 'రా', 'రండి', 'రాగలరు' ఉన్నవి. మన దుకాణం 'రండి'ని ఎన్నుకొన్నది. 'రా' చనువు, 'రాగలరు' కార్యాలయపు నోటీసు. ఇక ఎవరు ఏ వేదిక మీద వ్రాసినా, చదివేవారు పదహారేండ్ల విద్యార్థిని అయినా, క్రియ చివర 'అండి' రూపమే ఉంటుంది. పేరు తెలిసినప్పుడు 'గారు' చేర్చాలి. 'మేడమ్', 'బ్రో', 'డియర్' అనే పిలుపులు ఉండవు.

రెండవది దుకాణం తనను తాను ఏమని చెప్పుకొంటుందన్నది. తెలుగులో 'మేము', 'మనము' అనే రెండు మాటలకు భేదం ఉన్నది. 'మేము' అన్నప్పుడు వినేవాడు అందులో లేడు. 'మనము' అన్నప్పుడు ఉన్నాడు. "మన దుకాణానికి రండి" అనడం పాతబస్తీలో ఇంపైన మాటే. కాని "పూలు ఆలస్యమైనవి, మన పొరపాటు" అంటే కొన్నవాడు కూడ పొరపాటులో భాగస్థుడైనాడు! కాబట్టి పత్రంలో ఇట్లా వ్రాసుకోవాలి: ఆహ్వానంలోను, పండుగ మాటలోను 'మన' వాడవచ్చును. ధర, హామీ, క్షమాపణ అనే మూడు చోట్ల 'మేము', 'మా' మాత్రమే వాడాలి. 'నేను' ఎక్కడా వాడరాదు. ఎందుకనగా ఆ 'నేను' ముగ్గురిలో ఎవరో కొన్నవానికి తెలియదు.

మూడవది పూల పేర్లు. 'చామంతి' అని నిశ్చయించుకొన్న తరువాత 'చేమంతి' వ్రాయరాదు. వెదికేవారికి రెండు రూపాలూ రెండు వేర్వేరు మాటలుగా కనిపిస్తాయి. ఉర్దూలోనికి వెళ్ళినప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. మల్లెను 'మోగ్రా' అనాలి. 'చమేలీ' అంటే జాజి. మల్లెకు ఎవరైనా అలవాటుగా 'చమేలీ' అని వ్రాస్తే అది భాషాదోషంగా ఆగదు, పెండ్లి ఇంటికి వేరే పూవు చేరుతుంది. బంతికి 'గేందా', గులాబీకి 'గులాబ్' అని తెలుగు పేరు, ఉర్దూ పేరు ప్రక్కప్రక్కన వ్రాసిన పట్టిక ఒకటి పత్రంలో ఉండాలి. దుకాణంలో అమ్మే పూలన్నీ కలిపి ఆ పట్టిక ఇరవై ముప్పై పంక్తులకు మించదు.

నాలుగవది కొలత. విడిపూలు కిలోలలోను, అల్లిన పూలు మూరలలోను అమ్ముతారు. మూర అనగా మోచేతి నుండి వేలి కొన వరకు గల పొడవు గనుక అల్లేవారి చేతిని బట్టి మారుతుంది. బజారులో ఎదుటనే కొలిచేటప్పుడు ఈ తేడాను ఇద్దరూ చూస్తారు, బేరంలో సర్దుకొంటారు. కాని తెరమీద ధర చదివి డబ్బు పంపినవానికి ఆ అవకాశం లేదు. కాబట్టి, "మా మూర 18 అంగుళాలు" అని దుకాణం ఒక మాట నిశ్చయించుకొని, ధర చెప్పిన ప్రతిచోటా కొలతను కూడ చెప్పాలి. ధర ఎప్పటి వరకు చెల్లుతుందో కూడ చెప్పాలి. పూల ధర తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. "చామంతి కిలో 200 రూపాయలు, ఈ ఉదయం 9 గంటల వరకు" అన్నది పూర్తి వాక్యం. ఇందులో ఏ ఒక్కటి తగ్గినా ఆ ప్రకటన పెట్టరాదు.

పలుకుతీరు ఒకటి, స్వరం వేరు

ఇంతవరకు చెప్పినది అన్నిచోట్లా ఒకేరీతిగా ఉండవలసిన దానిని గూర్చి. కాని ఒకే మనిషి పెండ్లిలో మాట్లాడిన స్వరంతో చావు ఇంట మాట్లాడడు. అయినా అతడు ఆ మనిషే. అమెరికాలో అట్లాంటా నగరంలోని మెయిల్‌చింప్ అనే సంస్థ తన రచయితల కోసం వ్రాసిన పత్రం ఈ భేదాన్ని స్పష్టంగా చెప్పినందువలన ప్రసిద్ధి పొందింది. పలుకుతీరు ఎప్పుడూ ఒకటే, స్వరం మాత్రం చదివేవారి మనఃస్థితిని బట్టి మారాలి అన్నది దాని సారాంశం. ఆ పత్రాన్ని ఇతరులు కూడ తమకు తగినట్లు మార్చుకొని వాడుకోవడానికి ఆ సంస్థ అనుమతి ఇచ్చింది.

కాబట్టి మన దుకాణం తనకు తరచుగా తటస్థించే సందర్భాలను వ్రాసుకోవాలి. పండుగ, రోజువారీ ధర, ఆలస్యం లేక ఫిర్యాదు, మరణం - ఈ నాలుగు చాలును. ఒక్కొక్క దానికి చదివేవారు ఏ స్థితిలో ఉంటారో ఒక వాక్యం, తరువాత ఒక మంచి ఉదాహరణ, ఒక చెడ్డ ఉదాహరణ ఉండాలి. చెడ్డ ఉదాహరణ తప్పనిసరి. మంచిదాన్ని చూసి ఎవరైనా "నేనూ ఇట్లాగే వ్రాస్తున్నాను" అనుకొంటారు. చెడ్డదాన్ని చూసినప్పుడే తమ వాక్యాన్ని గుర్తుపడతారు.

ఫిర్యాదు సందర్భాన్ని తీసుకొందాము. ముహూర్తానికి రావలసిన దండలు గంట ఆలస్యంగా చేరినవని ఒకరు అందరూ చూసేచోట వ్రాసినారు. "అసౌకర్యానికి చింతిస్తున్నాము, మా సేవలను ఇకముందు కూడ వినియోగించుకోగలరు" అన్నది చెడ్డ జవాబు. అందులో తప్పు ఎవరిదో లేదు, ఏమి చేస్తారో లేదు. పైగా మరల కొనమని అడుగుతున్నది. "దండలు గంట ఆలస్యంగా చేర్చినాము, తప్పు మాదే. ముహూర్తపు వేళ మీరు పడిన ఆందోళన మాకు తెలుసు. ఇప్పుడే మీకు ఫోన్ చేసి డబ్బు సంగతి మాట్లాడుతాము" అన్నది మంచి జవాబు. మూడు వాక్యాలు: ఏమి జరిగింది, వారికి ఏమి కలిగింది, మేము ఏమి చేస్తాము. ఎవరు వ్రాసినా ఈ వరుస మారదు. మాటలు మాత్రం ప్రతిసారి కొత్తగా వ్రాయాలి. ఒకే జవాబును ముగ్గురి ఫిర్యాదుల క్రింద అతికిస్తే, చదివేవారికి అది క్షమాపణగా కాక రబ్బరు ముద్రగా కనిపిస్తుంది.

మరణ సందర్భం ఇంతకంటె సున్నితమైనది. తెలుగులో మరణాన్ని చెప్పే మాటలలో చాలావాటికి మతం ఉన్నది, శాఖ కూడ ఉన్నది. 'పరమపదించారు' అన్నది వైష్ణవుల మాట. 'శివైక్యం' శైవుల మాట. 'ప్రభువునందు నిద్రించారు' అని క్రైస్తవులు అంటారు. ముస్లిం కుటుంబాలలో 'ఇంతెకాల్' అంటారు. పేరు చూసి ఊహించి ఒక మాట వాడిన గుమాస్తా ఒక్కసారి పొరబడితే ఆ కుటుంబం జీవితాంతం మరవదు. అందువలన పత్రంలో ఉండవలసిన నియమం ఇది: మరణాన్ని మేము పేరు పెట్టి చెప్పము. "మీ ఇంట జరిగిన దానికి మాకు చాలా విచారంగా ఉన్నది. దండలు 4 గంటలకు మీ వాకిట ఉంటాయి. వివరాలకు మిమ్మల్ని మరల అడగము" - ఇంతే. బొమ్మలు, పూల గుర్తులు, తగ్గింపు ధరల మాట, "మరల రండి" అన్న మాట ఉండవు. మామూలుగా ప్రతి సందేశం చివర తనంతట చేరే "ధన్యవాదాలు, మరల దయచేయండి" అనే వాక్యాన్ని ఈ సందర్భంలో తీసివేయాలన్న సంగతి కూడ పత్రంలో వ్రాసి ఉండాలి. ఎక్కువగా మరచేది దానినే.

వేదికను బట్టి మారేవి

ఇక ఒక్కొక్క వేదికకు ఒక్కొక్క ఇరుకు, ఒక్కొక్క వెసులుబాటు ఉన్నవి. అక్కడ మారవలసినవి పొడవు, మొదటి వాక్యం, చిరునామా ఇచ్చే పద్ధతి మాత్రమే.

వాట్సాప్ స్టేటస్ 24 గంటలలో మాయమవుతుంది. కాబట్టి ఆ రోజు ధర అక్కడ పెట్టవచ్చును. అదే ధరను ఇన్‌స్టాగ్రామ్ చిత్రం మీద అచ్చుగా వ్రాస్తే, నెల తరువాత చూసినవారు కూడ ఆ ధరకే అడుగుతారు. కనుక ధర స్టేటస్‌లో మాత్రమే, చిత్రాల మీద ఎన్నడూ కాదు అని నియమం. ఇన్‌స్టాగ్రామ్‌లో చిత్రం క్రింద వ్రాసిన దానిలో మొదటి ఒకటి రెండు పంక్తులే కనిపిస్తాయి, తక్కినది విప్పి చదవాలి. అక్కడ పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. కాబట్టి పూవు పేరు, సందర్భం మొదటి పంక్తిలోనే రావాలి.

ఎక్స్ అని పేరు మార్చుకొన్న ట్విట్టర్‌లో సామాన్య ఖాతాకు 280 అక్షరాల హద్దు ఉన్నది. ఈ 'అక్షరం' మన అక్షరం కాదని తెలుగు వ్రాసేవారు గ్రహించాలి. అక్కడ హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఒకటి, వత్తును కలిపే పొల్లు ఒకటి - ఇట్లా విడివిడిగా లెక్కిస్తారు. మన కంటికి ఒకే అక్షరమైన 'స్త్రీ' అక్కడ ఆరు. రెండక్షరాల 'మల్లె' అక్కడ ఐదు. కాబట్టి ఫేస్‌బుక్‌లో వ్రాసినదాన్ని కోసి అతికించడం కుదరదు. అక్కడికి వేరుగా చిన్నగా వ్రాయాలి.

మొదట చెప్పిన వరలక్ష్మీ వ్రతపు ప్రకటనను ఇప్పుడు పత్రం ప్రకారం వ్రాద్దాము. వాట్సాప్ స్టేటస్‌లో: "చామంతి కిలో 200 రూపాయలు, రేపు ఉదయం 9 గంటల వరకు. ఈ రాత్రి 8 గంటల లోపల చెప్పినవారికి తీసి ఉంచుతాము." ఇన్‌స్టాగ్రామ్‌లో: "వరలక్ష్మీ వ్రతానికి పసుపు చామంతి వచ్చింది. తెల్లవారకముందే దింపిన పూలు, రేకు రాలలేదు. ఈనాటి ధర మా వాట్సాప్ స్టేటస్‌లో చూడండి." ఫేస్‌బుక్‌లో అడిగిన గృహిణికి: "నమస్కారమండి. చామంతి కిలో 200 రూపాయలు, రేపు ఉదయం 9 గంటల వరకు. అల్లినది కావాలంటే మూర 40, మా మూర 18 అంగుళాలు." మూడూ పొడవులో వేరు, పనిలో వేరు. కాని ధర ఒకటే, పూవు పేరు ఒకటే, మర్యాద ఒకటే. మూడింటిని ఒకరే వ్రాసినారంటే ఎవరైనా నమ్ముతారు.

రెండు భాషల దుకాణం

గుడిమల్కాపూర్‌లో ఈ పత్రాన్ని ఒక్క తెలుగులో వ్రాసి ఊరకుంటే పని సగమే అవుతుంది. కొనేవారిలో చాలామందికి ఉర్దూ ఇంటి భాష. తెలుగులో 'రండి'ని ఎన్నుకొన్న దుకాణం ఉర్దూలో 'ఆప్' అనాలి, 'తుమ్' కాదు. 'ఆయియే' అనాలి, 'ఆఓ' కాదు. ఇంటిలో, వీధిలో మాట్లాడే దక్కనీ ఎంతో తీయని భాష. కాని తెలుగులో వీధి మాట వాడని దుకాణం ఉర్దూలో మాత్రం వీధి మాట వాడితే, ఒక భాషవారికి గౌరవం, మరొక భాషవారికి చనువు పంచినట్లు అవుతుంది. ఏ భాషలో మాట్లాడినా మర్యాద మెట్టు ఒకటే ఉండాలన్నదే నియమం.

ఉర్దూను ఉర్దూ లిపిలో వ్రాయాలా, ఇంగ్లీషు అక్షరాలలో వ్రాయాలా అన్నది కూడ నిర్ణయించవలసిందే. దుకాణంలో ఉర్దూ లిపి బాగుగా వ్రాయగలవారు ఒక్కరే ఉంటే, వారు లేని రోజున ప్రకటన ఆగిపోతుంది. అటువంటప్పుడు పండుగ ప్రకటనలు ముందుగా వ్రాసి ఉంచుకొని ఉర్దూ లిపిలోను, దినదినం ఇచ్చే జవాబులు అడిగినవారు వాడిన లిపిలోను అని విభజించుకోవడం ఆచరణకు వీలైన మార్గం.

పలకరింపు విషయంలో ఊహకు తావు ఇవ్వరాదు. దుకాణం తానుగా మాట్లాడేటప్పుడు తెలుగులో 'నమస్కారం', ఉర్దూలో 'ఆదాబ్'. ఎదుటివారు 'అస్సలాము అలైకుం' అన్నప్పుడు 'వ అలైకుం అస్సలాం'. ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు. పేరును బట్టి మతాన్ని, మతాన్ని బట్టి భాషను ఊహించరాదు. తెలుగులో అడిగిన ముస్లిం సోదరికి ఉర్దూలో జవాబు ఇవ్వడం మర్యాద అనిపించవచ్చును గాని, ఆమె ఎన్నుకొన్న భాషను ప్రక్కకు నెట్టినట్లు అవుతుంది.

పత్రాన్ని పరీక్షించడం

పత్రం సిద్ధమైనదా లేదా తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. ముగ్గురికీ ఒకే సమాచారం ఇచ్చి - ఉదాహరణకు, "వాన వలన రేపు లిల్లీ రాదు" - పత్రాన్ని ఎదుట పెట్టుకొని విడివిడిగా వ్రాయమనాలి. పేర్లు తీసివేసి, దుకాణానికి తరచుగా వచ్చే ఒకరిచేత చదివించాలి. ఎవరు ఏది వ్రాసినారో ఆయన చెప్పగలిగితే పత్రంలో ఇంకా ఖాళీ ఉన్నది. ఎక్కడ పోల్చగలిగినాడో అక్కడనే ఆ ఖాళీ. ఒకరు 'వాన వలన' అని కారణం చెప్పి, ఇంకొకరు చెప్పకపోతే, "సరుకు రానప్పుడు కారణం చెప్తామా?" అన్న ప్రశ్నకు పత్రంలో జవాబు లేదన్నమాట. ఆ జవాబు చేర్చాలి. తప్పు వ్రాసినవారిది కాదు, పత్రానిది.

పత్రం పొడవు రెండు పుటలు, పూల పట్టిక మరొక పుట. అంతకు మించితే తెల్లవారుజామున బేరాల మధ్య దానిని తెరిచి చూసేవారు ఉండరు. దాని సంరక్షణ ఒక్కరిదే కావాలి. కొత్త సందేహం వచ్చినప్పుడు ఆ ఒక్కరే నిర్ణయించి, తేదీ వేసి చేర్చాలి. అందరూ దిద్దే పత్రం కొద్దికాలానికే తిరిగి మూడు గొంతుల పత్రం అవుతుంది. ఇక మరణం, క్షమాపణ, మతసంబంధమైన శుభాకాంక్షలు అనే మూడింటిని పెట్టడానికి ముందు రెండవ వ్యక్తి చదివి తీరాలి. తక్కినవాటికి ఆ నియమం పెడితే జవాబులు ఆలస్యమై, ఎవరికి వారే పత్రాన్ని ప్రక్కన పెడతారు.

పత్రానికి హద్దులు కూడ ఉన్నవి. ఆలస్యంగా వెళ్ళే దండలను ఏ పలుకుతీరూ వేళకు చేర్చలేదు. మంచి క్షమాపణ నెలకు పదిసార్లు వ్రాయవలసి వస్తే లోపం మాటలో కాదు, బండిలో ఉన్నది. అట్లే, ముగ్గురి మాటా ఒకటి కావాలంటే ముగ్గురి మనసులూ ఒకటి కావాలని అర్థం కాదు. కుమార్తె చిత్రాలలోని ఉత్సాహం, యజమానికి పూల మీద ఉన్న తెలివిడి, గుమాస్తా చురుకుదనం - ఇవి పత్రం వలన అణగిపోతే అది ఎక్కువ వ్రాసిన పత్రమని గ్రహించి కొన్ని నియమాలు కొట్టివేయాలి. సంబోధన, పేర్లు, కొలత, ధర, దుఃఖవేళ మర్యాద - ఈ ఐదూ నిలిచి ఉంటే తక్కిన చోట్ల ఎవరి చేతివ్రాత వారికి ఉండవచ్చును.

దండలో పూలు వేర్వేరు రంగులవి కావచ్చును. దారం ఒకటిగా ఉన్నంతవరకు అది దండే.